ల్యాంపు కుడి అంది, ధాన్యం ఎడమకే పడింది: నాలుగు సీజన్ల ఫార్వర్డ్-రివర్స్ ప్యానెల్

మా ఉప్పుడు మిల్లు గజపతి జిల్లాలో, పర్లాకిమిడి దాటాక వస్తుంది. ఈ ప్యానెల్ పెట్టి నాలుగు సీజన్లయింది. ప్యానెల్లో ఆర్డర్లిచ్చే చిన్న కంప్యూటరు, పీఎల్‌సీ, ఏ మోడలు, ఎన్ని ఇన్‌పుట్లు, ఎన్ని అవుట్‌పుట్లు అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, అవి వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇందులో ఉన్న ఒక జానెడు వైరు గురించి. పెట్టిన రోజు దాన్ని నేను సరిగ్గా చూడను కూడా చూడలేదు.

పని చిన్నదే. ధాన్యం నానబెట్టే ట్యాంకులు ఎడమకొకటి, కుడికొకటి ఉన్నాయి. వాటి మీద ఒకే బెల్టు కన్వేయర్, దానికి 5 హెచ్‌పీ మోటారు. మోటారు ఒకవైపు తిరిగితే ధాన్యం ఎడమ ట్యాంకులో, రెండోవైపు తిరిగితే కుడి ట్యాంకులో పడుతుంది. మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్‌లు, అంటే కాంటాక్టర్లు, రెండు ఉంటాయి, కాయిలుకు కరెంటు అందితే పడతాయి. ఎడమకు తిప్పేది ఫార్వర్డ్, కుడికి తిప్పేది రివర్స్. రివర్స్‌ది ఆర్, బీ ఫేజులను తారుమారు చేస్తుంది. రెండూ ఒకేసారి పడితే ఆర్‌కీ బీకీ నేరుగా షార్టు.

పాత ప్యానెల్లో ఆగడం అనేదే లేదు. ఎడమకు నడుస్తుండగానే కుడి నొక్కేసేవారు. అప్పుడు మోటారు 1440 స్పీడులో ఒకవైపు తిరుగుతుంటే, లోపలి అయస్కాంత క్షేత్రం 1500తో ఎదురు తిరుగుతుంది. ఆగి ఉన్న మోటారును స్టార్ట్ చేసినప్పుడు లాగే కరెంటు కన్నా అప్పుడు ఎక్కువ లాగుతుంది. ఆ కుదుపంతా గేర్‌బాక్సు మీద, కప్లింగు మీద పడుతుంది. ఒక్క సీజన్లో రెండు టైరు కప్లింగులు చిరిగిపోయాయి. కొత్త ప్యానెల్లో దిశ మార్చే ముందు ఐదు సెకన్లు ఆగేలా టైమరు పెట్టాక ఇప్పటిదాకా కప్లింగు మార్చలేదు. మొదటి సీజన్లో అడిగినవాళ్లందరికీ ఇదే చెప్పాను, ఈ టైమరు ఒక్కటి చాలు అని. ఆ మాటను ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను.

ఐదు సెకన్లు అన్నది లెక్క కట్టి వచ్చిన అంకె కాదు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకెక్కి చూశాను. ధాన్యం ఉన్నప్పుడు బెల్టు రెండు సెకన్లలోపే ఆగిపోతోంది, ఖాళీగా ఉన్నప్పుడు మూడు సెకన్లు దొర్లుతోంది. ఎక్కువసేపు దొర్లేదాన్ని తీసుకుని పైన రెండు కలిపాను. బాగానే ఉంది కానీ, బెల్టు మీదకు ధాన్యం ఎత్తిపోసే ఎలివేటరు మాత్రం ఈ ఐదు సెకన్లు ఆగదు. మాది గంటకు పది టన్నులు ఎత్తేది. అంటే సెకనుకు మూడు కిలోలకు కొంచెం తక్కువ. ప్రతి మార్పుకీ ఆగి ఉన్న బెల్టు మీద పద్నాలుగు కిలోల దాకా కుప్ప పడుతుంది, అంచుల నుంచి జారుతుంది. ముందు గేటు మూసి తర్వాత బటను నొక్కమని చెప్పాను. రాత్రి షిఫ్టులో ఎవరు మూస్తారు? ఈ విషయంలో నా గొణుగుడు నాలుగేళ్లుగా అలాగే ఉంది. ఇంకో చికాకు ఏమిటంటే, అదే దిశలో మళ్లీ స్టార్ట్ చేసినా ఐదు సెకన్లు ఆగాల్సిందే.

రెండో సీజన్లో, జనవరిలో ఒక సాయంత్రం, ఆపరేటరు నుంచి ఫోన్.

"బాబూ, కుడి నొక్కితే ఎడమకే పడతంది."

వెళ్లి చూస్తే ప్యానెల్ మీద కుడి ల్యాంపు వెలుగుతోంది. పైన బెల్టు ఎడమకు తిరుగుతోంది. ఎడమ ట్యాంకు నిండి పొర్లుతోంది. మోటారు చప్పుడు మామూలుగా లేదు, మూలుగుతోంది. ల్యాంపు వైర్లు మారిపోయాయేమో అనుకున్నాను మొదట. పాతపట్నంలో ఉండే మా ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే, తీసింది అతని దగ్గర పనిచేసే కుర్రాడు. విషయం వినీ వినకుండానే, "రివర్స్ కాంటాక్టర్ కాయిలుకు వెళ్లే దారిలో ఒక ఎన్‌సీ ఉంటాది బాబూ, అది పోయుంటాది. డైరెక్ట్ చేసీండి, వచ్చేస్తాది" అన్నాడు. ఎన్‌సీ అంటే కాంటాక్టర్ విడి ఉన్నప్పుడు మూసుకుని, పడగానే తెరుచుకునే చిన్న కాంటాక్టు. డైరెక్ట్ చేయడమంటే దాన్ని దాటించి వైరు కలిపేయడం.

స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది, వైరు ముక్క జేబులో ఉంది. ఎందుకో ముందు స్టాప్ నొక్కి చూద్దామనిపించింది. నొక్కాను. మామూలుగా కాంటాక్టర్ విడిపోయేటప్పుడు ఠక్‌మని వినిపిస్తుంది. ఆ చప్పుడు రాలేదు. ఫార్వర్డ్ కాంటాక్టర్ ముందు ఉండే చిన్న ముక్క లోపలికి నొక్కుకునే ఉంది. బెల్టు తిరుగుతూనే ఉంది. అప్పుడు మెయిన్ బ్రేకరు, ఎంసీసీబీ, దించేశాను.

మొత్తం కరెంటు తీసి, కరెంటు లేదని చూసుకుని, మీటరుతో బజరు పెట్టి చూస్తే ఫార్వర్డ్ కాంటాక్టర్‌లో మూడు పోల్స్‌లో రెండు బీప్ అన్నాయి. కాయిలుకు కరెంటు లేకపోయినా కాంటాక్టులు అతుక్కుపోయి ఉన్నాయి. అందుకే మోటారు రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరిగింది. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయినా లాభం ఉండేది కాదు, అది తెంచేది కాయిలు కరెంటునే. అతుక్కుపోయిన కాంటాక్టుకు కాయిలుతో పనేముంది?

ఇక్కడ పీఎల్‌సీ ఏం చేసిందో చూడండి. ఆపరేటరు కుడి నొక్కగానే ఫార్వర్డ్ అవుట్‌పుట్ తీసేసింది. నిజాయితీగా ఐదు సెకన్లు లెక్కపెట్టింది. తర్వాత రివర్స్ అవుట్‌పుట్ ఇచ్చింది, ల్యాంపూ వెలిగించింది. దాని లెక్కలో బెల్టు ఎప్పుడో ఆగిపోయింది. రెండూ ఒకేసారి ఇవ్వకూడదన్న సాఫ్ట్‌వేర్ ఇంటర్‌లాక్ కూడా తప్పలేదు, ఎందుకంటే అది చూసుకునేది తన అవుట్‌పుట్లను మాత్రమే. ప్రోగ్రాం అంతా సరిగ్గా నడిచి, ఫార్వర్డ్ అతుక్కుని ఉండగా రివర్స్ కాంటాక్టర్‌కు ఆర్డరు వెళ్లింది.

ఆపింది ఆ జానెడు వైరే. ఫార్వర్డ్ కాంటాక్టర్ పక్కన ఉండే ఎన్‌సీ కాంటాక్టు గుండా రివర్స్ కాయిలుకు వెళ్లే వైరు. ఫార్వర్డ్ పూర్తిగా విడితేనే ఆ ఎన్‌సీ మూసుకుంటుంది. మెయిన్ పోల్ ఒక్కటి అతుక్కున్నా మూసుకోకుండా తయారుచేసే రకాన్ని మిర్రర్ కాంటాక్టు అంటారు, మాది ఆ రకమే. మామూలు ఆక్జిలరీ కాంటాక్టుకు అంత భరోసా ఉండదు, కొనేటప్పుడు కేటలాగులో ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. నేను ఆ వైరును డైరెక్ట్ చేసి ఉంటే రివర్స్ నిజంగానే వచ్చేది, నా మొహం ముందు షార్టుతో సహా.

తర్వాత అసలు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. రెండు కాంటాక్టర్ల మధ్య మెకానికల్ ఇంటర్‌లాక్ ముక్క కూడా ఉంది కదా, అదొక్కటీ సరిపోదా అని అడిగాను. "షార్టు ఆపుతాది బాబూ, కానీ కాయిలు కాలిపోతాది" అన్నాడు. ఏసీ కాయిలుకు కరెంటు ఇచ్చి లోపలి ఇనుప ముక్కను కదలనివ్వకపోతే, అది పట్టి ఉంచడానికి కావలసిన కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతూనే ఉంటుందట. మెకానికల్ ముక్క అడ్డుపడేది కదలికకే, కాయిలుకు కరెంటే వెళ్లకుండా చూసేది ఎన్‌సీ. అందుకే రెండూ ఉండాలి.

అతుక్కోవడానికి కారణం మా ఊరి సాయంత్రాలు. చుట్టుపక్కల మిల్లులన్నీ నడిచే వేళకు ఫేజుకు 180 వోల్టులే వచ్చేది. 230 కాయిలు గట్టిగా పట్టుకోవాలంటే 85 శాతం, అంటే 195 పైన ఉండాలి. తక్కువైతే కాంటాక్టర్ పట్టీ పట్టనట్టు గర్రుమంటుంది, ఆ గర్రులో కాంటాక్టులు నిప్పురవ్వలు కొట్టి అంటుకుంటాయి. ఆ చప్పుడు వారం రోజులుగా వినిపిస్తూనే ఉంది, ఏదో స్క్రూ లూజు అనుకున్నాం. ఇప్పుడు వోల్టేజీ తగ్గితే కంట్రోల్ కరెంటు తీసేసే రిలే పెట్టాం. దానితో సాయంత్రాలు మిల్లు తరచుగా ఆగుతోంది, అది వేరే కథ.

ప్రోగ్రాంలో మార్చింది ఒక్క లైను. పాతది:

```
PauseTmr(IN := NOT Fwd AND NOT Rev, PT := T#5s);
```

కొత్తది:

```
PauseTmr(IN := FwdOff AND RevOff, PT := T#5s);
```

`Fwd` అనేది పీఎల్‌సీ ఇచ్చిన ఆర్డరు. `FwdOff` అనేది కాంటాక్టర్‌లోని ఇంకో ఎన్‌సీ నుంచి ఇన్‌పుట్‌కు తెచ్చుకున్న సమాచారం. ఇప్పుడు ఐదు సెకన్లు మొదలయ్యేది ఆర్డరు తీసేసినప్పుడు కాదు, కాంటాక్టర్ నిజంగా విడిపోయినప్పుడు. ఆ ఇన్‌పుట్ వైరు తెగిపోతే టైమరు నడవదు, ఏ దిశా స్టార్ట్ అవదు. విసుగే కానీ ప్రమాదం లేదు. ఆర్డరు తీసేశాక ఒక సెకనులో `FwdOff` రాకపోతే సైరన్ మోగి, షంట్ ట్రిప్ కాయిలుతో ఎంసీసీబీ పడిపోతుంది. ల్యాంపులను కూడా అవుట్‌పుట్ల నుంచి తీసి కాంటాక్టర్ పడినప్పుడే మూసుకునే ఎన్‌వో కాంటాక్టులకు మార్చాం.

ఇలాంటి ప్యానెల్ కొనమంటారా అంటే, మాలాంటి చిన్న బెల్టుకు, తనంతట తానే మూడు సెకన్లలో ఆగిపోయేదానికి, అవును అంటాను. పెద్ద చక్రం ఉండి నిమిషాల తరబడి దొర్లే మెషీన్‌కు ఈ టైమరును నమ్మవద్దు, టైమరుకు బెల్టు కనపడదు, దానికి తెలిసింది కాంటాక్టర్ వరకే. అక్కడ తిరగడం ఆగిందని చెప్పే స్పీడు స్విచ్ కావాలి. బరువులెత్తే హాయిస్టు సంగతి నాకు చెప్పే అర్హత లేదు. ఇవాళ కొత్తగా పెట్టేవాళ్లకు మోటారు స్పీడునూ దిశనూ తానే మార్చే వీఎఫ్‌డీ అయితే రెండు కాంటాక్టర్ల గొడవే ఉండదు, దానంతట అదే మెల్లగా ఆగి తిరుగుతుంది. మా దుమ్ముకు, మా వోల్టేజీకి నేనింకా ధైర్యం చేయలేదు.

సీజను మొదట్లో ఒక పరీక్ష చేసేవాణ్ణి. మోటారు ఎంసీసీబీ దించేసి కంట్రోల్ కరెంటు మాత్రం ఉంచి, ఇన్సులేషన్ ఉన్న కర్రముక్కతో ఫార్వర్డ్ కాంటాక్టర్‌ను లోపలికి నొక్కి పట్టుకుని కుడి బటను నొక్కడం. రివర్స్ పడకూడదు. ప్రోగ్రాం మార్చాక ఆ పరీక్షకు అర్థం పోయిందని ఈ ఏడాదే తట్టింది. ఇప్పుడు పీఎల్‌సీ కూడా `FwdOff` చూసి ఆగిపోతుంది కదా, ఇక ఆపింది ప్రోగ్రామో వైరో ఎలా తెలుస్తుంది? ఎవరైనా ఆ ఎన్‌సీని డైరెక్ట్ చేసినా పరీక్ష పాసే. మెకానికల్ ముక్క కూడా అడ్డు ఉంటుంది కాబట్టి కాంటాక్టర్ పడిందా లేదా అని చూస్తే కుదరదు. అందుకే ఈసారి ఫార్వర్డ్‌ను అలాగే నొక్కి పట్టుకుని, ల్యాప్‌టాప్ పెట్టి, ప్రోగ్రాంతో పని లేకుండా రివర్స్ అవుట్‌పుట్‌ను ఒక్క క్షణం ఫోర్స్ చేసి, రివర్స్ కాయిలు దగ్గర మీటరు పెట్టి చూశాం. సున్నా చూపించింది.