జాగ్రత్త: ‘ప్రాక్సిమా బి’లో ఈస్ట్ ఫేసింగ్ ప్లాట్ అంటే డబ్బులు కట్టకండి

విశాఖలో, ముఖ్యంగా పిల్లలున్న ఇళ్లవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పోయిన నెల బీచ్ రోడ్డు దగ్గర ఒక ఎగ్జిబిషన్‌లో మా అక్క కొడుకు ప్రాక్సిమా బి అనే గ్రహం మీద 200 గజాల స్థలం ‘రిజిస్ట్రేషన్’ కాగితం కొన్నాడు. 1,499 రూపాయలు, పండక్కి అమ్మమ్మ ఇచ్చిన డబ్బులు. బంగారు రంగు అంచున్న ఆ కాగితం మీద ఇలా ఉంది: ‘రెండో భూమి. పుష్కలంగా గాలి, నీరు. ఈస్ట్ ఫేసింగ్, ఉదయించే సూర్యుడికి ఎదురుగా.’

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ‘నిజమేనా మామయ్యా?’ అని వాడు అడిగితే కడుపు తరుక్కుపోయింది.

హక్కు సంగతి తేలికే. ఆకాశంలోని ఏ గోళాన్నీ ఏ దేశమూ సొంతం చేసుకోకూడదని 1967లోనే ఒప్పందం ఉంది, మన దేశం కూడా అందులో ఉంది. అసలు మోసం ‘రెండో భూమి’ అన్న మాటలో ఉంది.

ఆ గ్రహం ఉన్నమాట నిజం. 2016లో కనుగొన్నారు, 4.24 కాంతి సంవత్సరాల దూరం. బరువు కనీసం భూమంత ఉంటుంది. దానికి అందే వెలుగు మనకు అందేదానిలో మూడింట రెండు వంతులు, కాబట్టి గాలి ఉంటే నీళ్లు ద్రవంగా నిలవొచ్చు. తెలిసింది అంతవరకే. మనవైపు నుంచి చూస్తే అది తన నక్షత్రానికి అడ్డంగా రాదు. అడ్డొస్తే తగ్గే వెలుగును బట్టి సైజు లెక్కగట్టేవాళ్లు. అందుకే దాని సైజే సరిగ్గా తెలియదు, ఇక గాలిని ఎవరు చూశారు?

దాని నక్షత్రం ప్రాక్సిమా ఒక ఎర్ర మరుగుజ్జు. సూర్యుడి బరువులో 12 శాతమే, వెలుగు ఇంకా చాలా తక్కువ. ఆ చిన్న కుంపటి దగ్గర చలి కాచుకోవాలంటే బాగా దగ్గరికి జరగాలి. మనం సూర్యుడికి ఉన్న దూరంలో ఇరవయ్యో వంతు దూరంలో, 11.2 రోజులకో చుట్టు తిరుగుతోంది ఈ గ్రహం. చిక్కంతా ఆ దగ్గరితనంతోనే.

చందమామలో కుందేలు మనకు ఎప్పుడూ ఒకేలా ఎందుకు కనిపిస్తుంది? భూమి ఆకర్షణ చంద్రుడి దగ్గరి వైపును ఎక్కువగా, అవతలి వైపును తక్కువగా లాగి, ఆ సాగదీతలో దాని ఆత్మభ్రమణాన్ని అరగదీసింది. చివరికి ఒకే ముఖం మనవైపు నిలిచిపోయింది. దీన్నే టైడల్ లాకింగ్ అంటారు. ఈ లాగుడు దూరం ఘనానికి విలోమంగా మారుతుంది. ఇరవై రెట్లు దగ్గరైతే 8,000 రెట్లు. నక్షత్రం బరువు తక్కువ గనక 12 శాతం లెక్కవేసినా, సూర్యుడు భూమిని లాగేదానికి సుమారు వెయ్యి రెట్లు. కాబట్టి ప్రాక్సిమా బి కూడా అలా లాక్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు ఒక పక్క ఎప్పుడూ పగలు, ఇంకో పక్క ఎప్పుడూ రాత్రి. మన ఆర్‌కే బీచ్‌లో సముద్రంలోంచి సూర్యుడు పైకొచ్చినట్టు అక్కడ ఏ ఇంటి ముందూ రాడు. ఈస్ట్ ఫేసింగ్ అన్న మాటకే అర్థం లేదు.

రాత్రి పక్క గడ్డకట్టకుండా ఉండాలంటే పగటి వేడిని అటు మోసుకెళ్లే దళసరి గాలి కావాలి. లేకపోతే నీరంతా ఆ చీకట్లో మంచుగా పేరుకుంటుంది. అంటే అంతా గాలి మీదే ఆధారపడింది. సరిగ్గా ఆ గాలినే నక్షత్రం ఊడబెరుకుతుంది.

ఇలాంటి చిన్న నక్షత్రం ఎసట్లో అన్నం ఉడుకుతున్నట్టు అడుగు నుంచి పైదాకా పొర్లుతూనే ఉంటుంది. దాని అయస్కాంత రేఖలు మెలికలు పడి తెగినప్పుడు ఒక్కసారిగా శక్తి బయటికి తన్నుకొస్తుంది. అదే ఫ్లేర్. 2019 మే 1న వచ్చిన ఒక ఫ్లేర్‌లో ప్రాక్సిమా అతినీలలోహిత కాంతి కొద్ది సెకన్లలోనే 14,000 రెట్లు పెరిగింది. అలాంటి దెబ్బలు పైగాలిని కాచి అంతరిక్షంలోకి తరిమేస్తాయి, నీటి ఆవిరిని విడగొట్టి హైడ్రోజన్‌ను పోగొడతాయి. ఇంకో ఎర్ర మరుగుజ్జు ట్రాపిస్ట్-1 చుట్టూ ఏడు గ్రహాలున్నాయి. అన్నిటికన్నా లోపలిదాన్ని 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కొలిస్తే పగటి పక్క సుమారు 230 డిగ్రీలు ఉంది, చెప్పుకోదగ్గ గాలి ఉన్న జాడ లేదు. అది మరీ దగ్గరి గ్రహం కాబట్టి మిగతావన్నీ అంతేనని తేల్చలేం. ప్రాక్సిమా బి దగ్గర కూడా మొదట్లో గాలి బాగా ఉండి, కొంత మిగిలి ఉండొచ్చు. బుధుడిలా పూర్తిగా లాక్ కాకుండా నెమ్మదిగా తిరుగుతూ ఉండనూవచ్చు. కానీ ‘ఉండొచ్చు’ని ‘ఉంది’ అని అమ్మకూడదు.

ఎవరైనా ఇలా అమ్మితే ఒకటే అడగండి: ‘గాలి ఉందని కొలిచింది ఎవరు, ఎప్పుడు?’ నేను అదే అడిగాను. స్టాల్‌లో అబ్బాయి కాగితం వెనక్కి తిప్పి, అడుగున ఆవగింజంత అక్షరాలు చూపించాడు: ‘వినోదం కోసం మాత్రమే. డబ్బు వాపసు లేదు.’ మావాడు అప్పటిదాకా అటు తిప్పి చూడలేదు.