కెరీర్ కోచ్‌కి 8 సెషన్ల డబ్బు ముందే కట్టేశాను, మీరు ఆ పని చేయకండి

ఉద్యోగం మారాలని కెరీర్ కోచ్ కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. నేను 8 సెషన్ల ప్యాకేజీ తీసుకుని మొత్తం ఒకేసారి కట్టేశాను. ఆయన మోసగాడని అనను. టైముకి వచ్చేవారు, ఓపిగ్గా వినేవారు. అందుకేనేమో, పని జరగడం లేదని గ్రహించేసరికి 5 సెషన్లు అయిపోయాయి.

మొదటి సెషన్ అంతా నా కథే. రెండోది పర్సనాలిటీ టెస్టు. మూడు, నాలుగు రెజ్యూమె దిద్దడానికి పోయాయి. ఐదోది ప్రొఫైల్ ఫొటో, దాని కింద రాసే ఒక లైను. ప్రతిసారీ మనసు తేలికపడేది. ఆ తేలికనే నేను ఫలితం అనుకున్నాను.

ఐదో సెషన్ అయిన రాత్రి కూర్చుని లెక్క రాశాను. పంపిన దరఖాస్తులు 40. ఫోన్ వచ్చింది 9 చోట్ల నుంచి. అందులో 7 చోట్ల మేనేజర్‌తో మాట్లాడే రౌండు దాకా వెళ్లాను, ఆ ఏడూ అక్కడే ఆగిపోయాయి. అంటే రెజ్యూమె తన పని తాను చేస్తూనే ఉంది, దెబ్బ తింటున్నది నేను నోరు విప్పిన చోట. ఇదే 40కి ఒకటో రెండో ఫోన్లు వచ్చి ఉంటే రెజ్యూమె మీద, లేదా నేను ఎంచుకుంటున్న ఉద్యోగాల మీద కూర్చోవడం సబబే. ఈ లెక్క మొదటి రోజే నేను తీసుకెళ్లాల్సింది. ఆయనైనా అడగాల్సింది.

లెక్క చూపిస్తే "ప్రాసెస్‌ని నమ్మండి" అన్నారు. మిగతా డబ్బు వెనక్కి అడిగితే, సెషన్లు మొదలయ్యాక వాపసు ఉండదని నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. చదవకుండా పెట్టింది నేనే.

ఆరో సెషన్ మాత్రం నా పద్ధతిలో నడిపించాను. "కాన్ఫిడెన్స్ పెరగాలి" అని కాకుండా, "మీరు చేసిన ఒక ప్రాజెక్టు గురించి చెప్పండి అంటే 2 నిమిషాల్లో అందులో నా పని ఏమిటో అవతలివాళ్లకి తెలియాలి" అని లక్ష్యం రాసి రెండు రోజుల ముందే పంపాను. దాంతోపాటు నేను చూస్తున్న ఉద్యోగ ప్రకటన, పాత ఇంటర్వ్యూల్లో అడిగినవి గుర్తున్నంత వరకు. (ఇంటర్వ్యూ అయిన గంటలోపు ప్రశ్నలు రాసి పెట్టుకోండి, మర్నాటికి సగం మర్చిపోతారు.) మాక్ ఇంటర్వ్యూ చేయమని అడిగి, ఆయన ఒప్పుకున్నాక రికార్డు చేసుకున్నాను.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. నేను ఏం చెప్పినా "బాగుంది" అనడం తప్ప, గుచ్చి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అడిగితే, తాను ఎప్పుడూ ఎవరినీ ఉద్యోగంలోకి తీసుకునే చోట కూర్చోలేదన్నారు. ఆ రికార్డింగుని, ఇంటర్వ్యూలు చేసే పాత సహోద్యోగికి వినిపించాను. ఆమె ఇరవై నిమిషాల్లో పట్టేసింది. 4 నిమిషాల జవాబులో 3 నిమిషాలు కంపెనీ నేపథ్యమే. మిగతాదంతా "మేం చేశాం, మేం మార్చాం". నేను ఏం చేశానో ఎక్కడా లేదు.

"సర్టిఫైడ్" అన్న మాట చూసి పడిపోయాను కాబట్టి అది కూడా చెప్పాలి. చాలా దేశాల్లో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. రెండు రోజుల శిక్షణకీ సర్టిఫికెట్ ఇస్తారు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపుల్లో మొదటి మెట్టు ఏసీసీకి కనీసం 100 గంటలు, దాని పై మెట్టు పీసీసీకి 500 గంటలు కోచింగ్ చేసి ఉండాలి. ఆ గుర్తింపు నిజంగా ఉందో లేదో వాళ్ల సైట్లో పేరు కొట్టి చూడొచ్చు. అయితే అది మనిషికి కోచింగ్ నైపుణ్యం ఉందని చెబుతుందే గానీ, మీ రంగంలో నియామకాలు ఎలా జరుగుతాయో తెలుసని చెప్పదు. కాబట్టి మొదటి ఉచిత కాల్‌లోనే మీ లెక్క ముందు పెట్టి, "దీన్ని చూస్తే ఎక్కడ మొదలుపెడతారు?" అని అడగండి. లెక్క చూడకుండానే ప్యాకేజీ ధర చెబితే, డబ్బు కట్టకుండా ఆగండి. ఒక్కో సెషన్‌కి విడిగా కట్టనిస్తారా, మధ్యలో మానేస్తే ఏం తిరిగొస్తుంది అన్నది రాతలో తీసుకోండి.

కట్టాక కూడా మూడో సెషన్ దగ్గర ఒకసారి ఆగి చూసుకోండి. మొదటి రోజు చేయలేనిది ఇప్పుడు ఏం చేయగలుగుతున్నారు? దరఖాస్తులు ఆగిపోయే చోటు కదిలిందా? కాల్స్ తక్కువగా ఉన్నప్పుడు రెండో ప్రశ్నకి జవాబు తొందరగా దొరకదు, మొదటిదానికి దొరకాలి.

జవాబు మార్చుకున్నాక 3 ఇంటర్వ్యూలకు వెళ్లాను, రెండింట్లో ఆ రౌండు దాటాను. మూడంటే మరీ తక్కువ, దీన్ని పట్టుకుని రుజువైందని నేను అనలేను. నా ప్యాకేజీలో ఇంకా 2 సెషన్లు మిగిలే ఉన్నాయి. జీతం మాట్లాడే ప్రాక్టీసుకి వాడదామని చూస్తున్నాను, అది కూడా గుచ్చి అడిగే ప్రశ్నలు నేనే రాసి ఆయన చేతిలో పెట్టి.