మూడేళ్ల గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్: నా గొడవంతా ఫ్రిజ్‌తోనే

మూడేళ్లుగా రోజూ రాత్రి పడుకునే ముందు మా పాపకి పెన్‌తో ఇంజెక్షన్ ఇస్తున్నాను. సూది గురించి భయపడేవాళ్లకి ముందే చెబుతున్నా, అది అసలు సమస్యే కాదు. రెండో వారానికే పాప తనే "ఇవాళ ఎడమ తొడకి" అని గుర్తుచేసేది. నన్ను ఏడిపించింది వేరే.

పాప 38 వారాలకి పుట్టింది. బరువు 1.9 కిలోలు, పొడవు 43 సెంటీమీటర్లు. నెలలు నిండాకే పుట్టింది కానీ ఆ నెలలకి ఉండాల్సినంత లేదు. ఇలాంటి పిల్లల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది రెండేళ్లలోపే మిగతావాళ్లని అందుకుంటారట. మా అత్తయ్య "మీ ఆయన కూడా అంతే, పదో తరగతిలో సాగాడు" అని ధైర్యం చెప్పేవారు. పాప మాత్రం రెండేళ్లకి 78 సెంటీమీటర్ల దగ్గరే ఉంది. మూడేళ్లు నిండినప్పటి నుంచి నాలుగేళ్లు నిండేలోపు పెరిగింది 5 సెంటీమీటర్లు. ఆ వయసులో ఏడు దాకా పెరగాలి.

నాలుగేళ్ల మూడు నెలలప్పుడు ఎత్తు 92. పిల్లల హార్మోన్ల డాక్టర్ గ్రాఫ్ మీద చుక్క పెట్టి చూపించారు. ఎత్తు సగటుకి ఎంత దూరంలో ఉందో చెప్పే ఎస్‌డీ లెక్కలో, సగటుకి 2.5 కన్నా కింద ఉంది. మావారు 168, నేను 155. మా ఎత్తుల లెక్క ప్రకారం పాప పెద్దయ్యాక 155 దగ్గర ఉండాలి, కాబట్టి ఇది ఇంటి పొట్టితనం కాదన్నారు. నాలుగేళ్లు దాటడం, ఎత్తు అంత కిందుండటం, అమ్మానాన్నల ఎత్తుకీ పొంతన లేకపోవడం, ఏడాది పెరుగుదల కూడా మందకొడిగా ఉండటం, ఇవన్నీ కలిస్తేనే హార్మోన్ గురించి మాట్లాడతారట. యూరప్‌లో ఇదే లెక్క, అమెరికాలో రెండేళ్లకే మొదలుపెట్టే వీలుందన్నారు. మందు రాసే ముందు థైరాయిడ్, గోధుమ పడకపోవడం, చేతి ఎక్స్‌రే, షుగర్, ఆడపిల్ల కాబట్టి క్రోమోజోముల పరీక్ష కూడా చేయించారు.

"హార్మోన్ తక్కువ లేనప్పుడు ఎందుకు ఇస్తారు?" అని అడిగాను. ఇలాంటి పిల్లల్లో హార్మోన్ చాలావరకు మామూలుగానే ఉంటుంది, ఒంటికి మాత్రం ఎక్కువ మోతాదైతేనే పట్టుతుందన్నారు. కిలోకి 35 మైక్రోగ్రాముల లెక్కన 12 కిలోల పాపకి రోజుకి 0.4 మిల్లీగ్రాములు. మొదటి ఏడు 9 సెంటీమీటర్లు పెరిగింది. గౌన్లు ఆరు నెలలకే పొట్టివైపోతుంటే నేను ఊరంతా చాటాను.

రెండో ఏడు మొదటి ఆరు నెలలకి కొలిస్తే రెండున్నర! టేపు తప్పేమోనని మూడుసార్లు కొలిచారు. గ్రోత్ హార్మోన్ ఒంట్లో పనిచేస్తోందో లేదో చెప్పే ఐజీఎఫ్-1 రక్తంలో చూస్తే ముందుసారి వచ్చినదానిలో సగం. "రోజూ ఇస్తున్నారా?" అని డాక్టర్ అడిగితే ఏడుపొచ్చింది, ఒక్క రోజు కూడా మానలేదు మరి. అప్పుడాయన మందు ఎక్కడ పెడుతున్నారని అడిగారు. ఫ్రిజ్ పైఅర వెనక మూలలో అన్నాను, చల్లగా ఉంటుందని. ఇంటికొచ్చి ఓ థర్మామీటర్ కొని అక్కడ పెడితే సున్నా కిందకి పోయింది. అట్టపెట్టె అడుగున ఐసు పొర. మందు ఎప్పుడు గడ్డకట్టి ఎప్పుడు కరిగిందో మాకు తెలియనే తెలియదు. కరిగాక చూస్తే నీళ్లలా తేటగానే ఉంటుంది మరి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఒకసారి గడ్డకడితే పారేయాల్సిందే. నెలకి సరిపడా మందు పారబోశాం.

నిజం చెప్పాలంటే తప్పంతా ఫ్రిజ్‌ది కాకపోవచ్చు. పాప 15 కిలోలకి వచ్చినా మేం 0.4 దగ్గరే ఉండిపోయాం. పెళ్లిళ్లు, పరీక్షలు అంటూ ఒక చెకప్ ఎగ్గొట్టాం కదా. డాక్టర్ మోతాదు 0.5కి పెంచారు, నేను మందుని డోర్‌కి దగ్గరగా మధ్య అరలోకి మార్చాను. తర్వాతి ఆరు నెలల్లో 4, మూడో ఏడు 6. ఇప్పుడు 113.5, గ్రాఫ్‌లో కింది గీత దాటి లోపలికొచ్చింది.

మొదటి ఏడాది చూసి నేను పొగిడినంతగా ఇప్పుడు పొగడను. ఆ వేగం మొదటి ఏడాదిదే. చివరికి మందు వల్ల వచ్చే అదనపు ఎత్తు సగటున 6 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుందని డాక్టర్ మొదటే చెప్పారు, నేనే సరిగ్గా వినలేదు. తలనొప్పి, కుంటుతూ నడవడం కనిపిస్తే వెంటనే రమ్మన్నారు, ఏటా షుగర్ చూస్తున్నారు. ఇప్పటిదాకా ఏమీ రాలేదు.

మా ఇద్దరికీ జీతాలున్నాయి కాబట్టి లాగుతున్నాం. ఇంకా ఏడెనిమిదేళ్లు ఇవ్వాల్సి రావచ్చు. ఇన్వర్టర్ లేని ఇంట్లో, కరెంటు పోయే ఊళ్లో ఉండుంటే మొదలుపెట్టేదాన్నో లేదో. థర్మామీటర్ మాత్రం ఇప్పటికీ మధ్య అరలోనే ఉంది, రాత్రి పెన్ తీసేటప్పుడు దాన్ని చదివేది పాపే. నిన్న 5.