ధర వ్యత్యాసాన్ని సరుకు కొన్నప్పుడు లెక్కించాలా, వాడినప్పుడు లెక్కించాలా? ఒక కారం మిల్లు లెక్కలో ఏది మేలు

ప్రామాణిక వ్యయ పద్ధతిని అనుసరించే సంస్థ ముడిసరుకు కిలోకు ఎంత ధర చెల్లించాలో, కిలో ఉత్పత్తికి ఎంత సరుకు పట్టాలో ముందుగానే నిర్ణయించుకుంటుంది. ధరలో వచ్చిన తేడాను ధర వ్యత్యాసం అనీ, పరిమాణంలో వచ్చిన తేడాను వినియోగ వ్యత్యాసం అనీ అంటారు. వినియోగ వ్యత్యాసం సరుకు వాడిన తర్వాతే తేలుతుంది కాబట్టి దాని విషయంలో ఎంచుకోవలసిందేమీ లేదు. ధర వ్యత్యాసాన్ని మాత్రం సరుకు గోదాముకు చేరిన రోజునైనా పుస్తకాల్లో రాయవచ్చు, మిల్లుకు ఇచ్చిన రోజునైనా రాయవచ్చు. కొన్న వెంటనే వాడేసే సరుకైతే ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. గుంటూరు మిరప సంగతి వేరు: ఫిబ్రవరి నుంచి మే వరకు యార్డులో కొన్న కాయను శీతల గిడ్డంగిలో ఉంచి నెలల తరబడి వాడుకుంటారు కనుక, ఏ పద్ధతిని ఎంచుకున్నామన్నది ఇక్కడ నెలవారీ లాభాన్నే మార్చేస్తుంది.

ఉదాహరణకు గుంటూరులో ఒక కారం మిల్లు ఉందనుకుందాం. ఇందులోని అంకెలు లెక్క చూపడానికి ఊహించినవి. కిలో కారానికి 1.1 కిలోల ఎండుమిర్చి పడుతుందనీ, కిలో మిర్చి 150 రూపాయలనీ ప్రమాణం. మార్చిలో మిల్లు 10,000 కిలోలను 165 రూపాయల చొప్పున కొన్నది. అదే నెలలో 4,600 కిలోలు వాడి 4,000 కిలోల కారం తీసింది.

ముందు వినియోగ వ్యత్యాసం చూద్దాం. 4,000 కిలోల కారానికి ప్రమాణం ప్రకారం 4,400 కిలోల మిర్చి చాలాలి. అదనంగా పట్టిన 200 కిలోలను ప్రామాణిక ధరతో గుణిస్తే 30,000 రూపాయల ప్రతికూల వ్యత్యాసం వస్తుంది. ఇక్కడ 165తో గుణించకపోవడానికి బలమైన కారణం ఉంది. యార్డులో ధర పెరిగినందుకు మిల్లు పర్యవేక్షకుడు బాధ్యుడు కాడు. అతని చేతిలో ఉన్నది కాయ ఎంత వృథా అయిందన్నది మాత్రమే.

ఇక ధర వ్యత్యాసం. కొన్నప్పుడే లెక్కించే పద్ధతిలో 10,000 కిలోలకూ కిలోకు 15 రూపాయల చొప్పున 1,50,000 రూపాయలు ప్రతికూలంగా మార్చిలోనే కనబడతాయి. సరఫరాదారు ఖాతాలో 16,50,000 జమ అవుతుంది, స్టాకు ఖాతాలో 15,00,000 మాత్రమే ఖర్చు పడుతుంది, మిగిలినది ధర వ్యత్యాస ఖాతాకు వెళుతుంది. నెలాఖరున మిగిలిన 5,400 కిలోల విలువ 8,10,000. వాడినప్పుడు లెక్కించే పద్ధతిలో స్టాకు ఖాతా 165 రూపాయల మీదే నడుస్తుంది, మార్చి ధర వ్యత్యాసం వాడిన 4,600 కిలోలకు మాత్రమే, అంటే 69,000 రూపాయలు. మిగిలిన స్టాకు 8,91,000 రూపాయలుగా నిలుస్తుంది. రెండు పద్ధతుల మధ్య తేడా 81,000. అది సరిగ్గా గిడ్డంగిలో ఉన్న 5,400 కిలోలపై కిలోకు 15 రూపాయలు.

మొదటి పద్ధతిలోని అసలు ప్రయోజనం, కొనుగోలు చేసిన వ్యక్తి ఆ ధరను ఇంకా గుర్తుంచుకున్న సమయంలోనే ప్రశ్న అడగగలగడం. ఆ రోజు అదే రకానికి యార్డులో నడిచిన ధర 162 రూపాయలని తెలిస్తే, 15 రూపాయల తేడాలో 12 మార్కెట్ పెరుగుదల వల్ల వచ్చినవి, 3 మన కొనుగోలు తీరు వల్ల వచ్చినవి. అంటే 1,50,000లో 1,20,000కు వివరణ ప్రమాణం పాతబడిందన్నదే. ప్రశ్నించవలసింది 30,000 గురించి. ఈ విడదీత లేకుండా మొత్తాన్ని కొనుగోలు విభాగం మీద మోపడం అన్యాయమే కాక, ప్రమాణాన్ని సవరించుకునే అవకాశాన్నీ పోగొడుతుంది. పోల్చే ముందు రెండు ధరలూ ఒకే అర్థంలో ఉన్నాయో లేదో కూడా చూడాలి. ప్రమాణం యార్డు ధర మాత్రమే అయి, అసలు ధరలో హమాలీ, లారీ కిరాయి, మార్కెట్ సెస్సు కలిసి ఉంటే, వచ్చేది వ్యత్యాసం కాదు, లెక్కలో పొరపాటు.

రెండో పద్ధతిని సమర్థించేవారు చెప్పే మాటలోనూ సారం ఉంది. ఏప్రిల్‌లో మిల్లు 2,000 కిలోల తక్కువరకం కాయను 141 రూపాయలకు కొన్నదనుకుందాం. మొదటి పద్ధతిలో ఏప్రిల్ నివేదికలో 18,000 రూపాయల అనుకూల వ్యత్యాసం కనబడుతుంది. ఆ కాయను జూలైలో మిల్లుకు ఇస్తే తొడిమలు, తాలుకాయలు, తేమ పోగా 1,650 కిలోల కారమే వచ్చింది. దానికి ప్రమాణం 1,815 కిలోలు కాబట్టి 185 కిలోలు అదనం, 27,750 రూపాయల ప్రతికూల వినియోగ వ్యత్యాసం. నిజానికి చవకగా కొనడమే 9,750 రూపాయల నష్టానికి దారితీసింది. కానీ మెప్పు ఏప్రిల్‌లో కొనుగోలు విభాగానికి దక్కింది, నింద జూలైలో మిల్లుకు వచ్చింది. వాడినప్పుడే రెండూ లెక్కిస్తే ఈ జంట ఒకే నెలలో పక్కపక్కన కనబడుతుంది.

అయితే ఆ లాభం సరుకును లాటు వారీగా వేరుగా లెక్కించినప్పుడే దక్కుతుంది. సగటు ధర పద్ధతిలో నడిపితే మార్చిలో మిగిలిన 5,400 కిలోలు, ఏప్రిల్ 2,000 కిలోలు కలిసి కిలో సుమారు 158.50 రూపాయలవుతాయి. ఆ తర్వాత ఏ నెల వాడినా కిలోకు దాదాపు 8.50 ప్రతికూలమనే చూపుతుంది. ఎక్కువ ధరకు కొన్న మార్చి లాటూ, తక్కువ ధరకు కొన్న ఏప్రిల్ లాటూ రెండూ అందులో కరిగిపోతాయి.

అందువల్ల మిరప వంటి సరుకుకు కొన్నప్పుడే ధర వ్యత్యాసం రాయడమే మేలని నా నిశ్చితాభిప్రాయం; కానీ ఒక షరతు ఉంది. ప్రతి టిక్కీ మీద, అంటే ప్రతి మిర్చి బస్తా మీద, లాటు సంఖ్య ఉండాలి, మిల్లుకు సరుకు ఇచ్చే చీటీ మీదా అదే సంఖ్య పడాలి. అప్పుడు జూలై వినియోగ వ్యత్యాసాన్ని వివరించేటప్పుడు ఏప్రిల్ ధర వ్యత్యాసాన్ని పక్కన పెట్టి చూపవచ్చు. సరుకు ఇచ్చేటప్పుడు మళ్లీ కాటా వేయడం కూడా తప్పనిసరి. మార్చిలో పుస్తకాల ప్రకారం ఇచ్చిన 4,600 కిలోలు కాటా మీద 4,520 మాత్రమే తూగితే, 200 కిలోల తేడాలో 80 కిలోలు, అంటే 12,000 రూపాయలు, నిల్వలోనో యార్డు తూకంలోనో పోయినవి. మిల్లు జవాబు చెప్పవలసింది మిగిలిన 18,000కే. రెండో కాటా లేని చోట వినియోగ వ్యత్యాసం ఎవరి గురించి మాట్లాడుతోందో చెప్పడం సాధ్యం కాదు.

సంవత్సరాంతంలో మాత్రం మొదటి పద్ధతికి అదనపు పని ఉంటుంది. స్టాకు విలువకు సంబంధించిన అకౌంటింగ్ ప్రమాణాలు, ప్రామాణిక వ్యయం అసలు వ్యయానికి దగ్గరగా ఉన్నప్పుడే దాన్ని వాడనిస్తాయి. కిలోకు 150కీ 165కీ మధ్య తేడా పదిశాతం. దీన్ని దగ్గర అనలేము. మార్చి నెలాఖరే సంవత్సరాంతం కాబట్టి, మన ఉదాహరణలో 1,50,000 ధర వ్యత్యాసంలో స్టాకులో ఉన్న 5,400 కిలోల వాటా 81,000ను స్టాకు విలువకు కలపాలి. అప్పుడు అది 8,91,000 అవుతుంది, రెండు పద్ధతులూ ముడిసరుకు విలువలో ఒకే చోటికి చేరతాయి. వాడిన సరుకు వాటా 69,000ను అమ్మిన కారానికీ, అమ్మకుండా మిగిలిన కారానికీ పంచాలి. 30,000 వినియోగ వ్యత్యాసంలో అసాధారణ వృథా ఎంత ఉందో అంతా ఆ ఏటి ఖర్చుగానే పోవాలి. దాన్ని స్టాకు విలువలో దాచడానికి వీల్లేదు.