ఫాల్స్ సీలింగ్: లెక్కలో ఆరు బోర్డులు, పైకప్పులో ఒక పగులు

జిప్సమ్ సీలింగ్ మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. నా కోపమంతా చదరపు అడుగుల లెక్క మీదే. శ్రీకాకుళంలో మా మేడ మీది గది 13 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. మొత్తం 143 చదరపు అడుగులు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బోర్డు 24 చదరపు అడుగులు. "ఆరు బోర్డులు చాలండి, ముక్క కూడా మిగలదు" అన్నాడు మేస్త్రి. నిజంగానే మిగలలేదు. ఆ పొదుపుకు ముచ్చటపడి బంధువులకు అతని ఫోను నంబరు కూడా ఇచ్చాను.

వేసవి గడిచేసరికి గోడకు అడుగు దూరంలో, గది వెడల్పంతా సన్నని పగులు. పూత వేయిస్తే మళ్లీ అక్కడే తేలింది. చివరకు ఆ పట్టీ విప్పించాం.

బోర్డుల పొడవును 11 అడుగుల వైపు పెట్టి మూడు వరుసలు వేశారు. వరుసకు ఒక బోర్డు ఆరడుగులు, రెండోది ఐదుకు కోసింది. మూడు వరుసలు కలిపి 12 అడుగులు. మిగిలిన అడుగు పట్టీని ఆ కోతలో వచ్చిన అడుగు వెడల్పు ముక్కలతో పూడ్చారు. బోర్డు పొడవు అంచులు కాస్త పలచగా ఉంటాయి, అతుకును కప్పే టేపూ కాంపౌండూ కూర్చునేది ఆ పల్లంలోనే. ఈ ముక్కల్లో పక్క బోర్డును తాకినవి మొండి అంచులు. పైగా గది పొడవునా వేసి బోర్డులను స్క్రూలతో బిగించే ఇనుప కమ్మీలు, అంటే సీలింగ్ సెక్షన్లు, అడుగున్నరకొకటి ఉన్నాయి. ముక్కల అతుకులేమో నాలుగు, ఎనిమిది అడుగుల దగ్గర పడ్డాయి. అక్కడ సెక్షన్ లేదు, స్క్రూకు పట్టూ లేదు.

అసలు దెబ్బ వేరే ఉంది. సెక్షన్ 12 అడుగుల పొడవే వస్తుంది కాబట్టి 13 అడుగుల గదికి అతుకు తప్పదు. ఏడు సెక్షన్లకూ అతుకు ఆ గోడ వైపే వేశారు. బోర్డు అతుకు, ఇనుప అతుకు ఒకే గీత మీద పడ్డాయి. వేలితో నొక్కితే తలుపు బందులా కదిలింది.

ఏడో బోర్డు తెప్పించి, దాని రెండు పొడవు అంచుల నుంచి అడుగు పట్టీలు కోయించాం. పలచని అంచు పక్క బోర్డు వైపు, అతుకు ఆరడుగుల దగ్గర సరిగ్గా సెక్షన్ మీద. సెక్షన్ అతుకులకు అదనపు ముక్కలు వేసి స్క్రూలు బిగించారు. కింద అదే కొలత గదికి మాత్రం మొదటి నుంచే ఒక సెక్షన్ అతుకు తూర్పున, తర్వాతిది పడమరన వేయించాను. దానికి అదనపు సరుకు పడలేదు. ఏడు నిండు పొడవులు, ముక్కలకు ఎనిమిదోది, అంతే. అర అడుగు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా ముక్కకు అడుగున్నర తీసుకున్నా సరిపోయింది.

మీ గది పొడవు 12 అడుగుల లోపైతే ఈ సెక్షన్ అతుకు గొడవే ఉండదు. మాది ఎండ నేరుగా పడే పై అంతస్తు, కింది గదితో పోల్చడం పూర్తిగా న్యాయం కాకపోవచ్చు. ఆరడుగుల దగ్గర అతుకులన్నీ ఒకే వరుసలో ఉండటం నాకిప్పటికీ నచ్చలేదు. ఇంతవరకు పగల్లేదు గానీ, హామీ ఇవ్వను.