డోలనం మెల్లగా పుడుతుందా, ఒక్కసారిగా ఎగుస్తుందా: తేల్చడానికి చేతిలెక్క మేలా, సిమ్యులేషన్ మేలా?

ఒక వ్యవస్థలో ఏదో ఒక పరామితిని కొద్దికొద్దిగా పెంచుతున్నామనుకుందాం. అంతవరకు సర్పిలాకారంలో తిరుగుతూ సమతాస్థితిలోకి చేరుతున్న పథాలు, పరామితి ఒక హద్దు దాటగానే అదే సర్పిలంలో బయటికి తిరగడం మొదలుపెడతాయి. ఆ హద్దు దగ్గరే ఒక చిన్న సంవృత కక్ష్య పుడుతుంది. దీనిని హాఫ్ బైఫర్కేషన్ అంటారు. హద్దు ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాదు. సమతాస్థితి దగ్గర రేఖీయ మాత్రికను రాసి, దాని సంకీర్ణ ఐగెన్ విలువల వాస్తవ భాగం ఎక్కడ సున్నా అవుతుందో చూస్తే చాలు. అయితే పుట్టే కక్ష్య ఏ రకానిదో ఆ మాత్రిక చెప్పదు, ఆచరణలో మనకు కావలసింది మాత్రం అదే.

మొదటి రకంలో హద్దు దాటాక స్థిరమైన చిన్న కక్ష్య పుట్టి, పరామితితోపాటు క్రమంగా పెరుగుతుంది; పరామితిని వెనక్కి తెస్తే అదే దారిలో తగ్గి మాయమవుతుంది. రెండో రకంలో హద్దుకు ముందే, సమతాస్థితి ఇంకా స్థిరంగా ఉన్నప్పుడే, దాని చుట్టూ ఒక అస్థిర కక్ష్య ఉంటుంది. హద్దు దగ్గరపడేకొద్దీ అది కుంచించుకుపోయి సమతాస్థితిలో కలిసిపోతుంది, ఆ తరువాత వ్యవస్థ దూరాన ఉన్న మరో స్థితికి దూకుతుంది. అప్పుడు పరామితిని హద్దుకు వెనక్కి తెచ్చినా డోలనం వెంటనే ఆగదు. ఆపిల్టన్, వాండర్‌పోల్ 1922లో ట్రయోడ్ జనరేటర్‌లో ఇలాంటి హిస్టెరిసిస్‌నే వివరించారు.

రకాన్ని తేల్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, వర్గ, ఘన పదాలను లెక్కలోకి తీసుకుని మొదటి ల్యాపునోవ్ గుణకం గుర్తును చేతితో కనుక్కోవడం. రెండోది, సమీకరణాలను కంప్యూటర్‌లో నడిపి, పరామితిని పైకీ కిందికీ కదిపి ఏం జరుగుతుందో చూడటం. చాలామంది రెండోదానితోనే మొదలుపెడతారు. చేతిలెక్కతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. కారణాలను ఒక ఉదాహరణ మీద చూపుతాను.

బ్రస్సెల్స్‌లో ప్రిగోజిన్, లెఫెవర్ 1968లో ప్రతిపాదించిన రసాయన నమూనాను తీసుకుందాం. తరువాతి కాలంలో దానికి బ్రస్సెలేటర్ అనే పేరు స్థిరపడింది. అందులోని ఒక స్థిరాంకాన్ని 1గా పెట్టి, b ఒక్కదాన్నే మార్చుదాం.

```
x' = 1 - (b+1)x + x²y
y' = bx - x²y
```

సమతాస్థితి (1, b). అక్కడి రేఖీయ మాత్రిక నిర్ధారకం b ఏదైనా 1గానే ఉంటుంది, జాడ b − 2 అవుతుంది. కాబట్టి హద్దు b = 2; అక్కడ కోణీయ వేగం 1, ఒక ఆవృత్తికి పట్టే కాలం సుమారు 6.28. ఇక నుంచి b − 2ను μ అందాం.

ఇప్పుడు చేతిలెక్క. సమతాస్థితి నుంచి x ఎంత తప్పిందో దాన్ని u అని, x, y మొత్తం ఎంత తప్పిందో దాన్ని w అని తీసుకుంటే, సమీకరణాలు ఆశ్చర్యపోయేంత సరళమవుతాయి. రెండు సమీకరణాలనూ కూడగానే x²y పదాలు కొట్టేసుకుపోయి, రెండో సమీకరణంలో ఒకే పదం మిగులుతుంది.

```
u' = μu + w + μu² + 2uw + u²w - u³
w' = -u
```

హద్దు దగ్గర μ = 0 పెడితే, రేఖీయ భాగం శుద్ధమైన భ్రమణం మాత్రమే. గుణకం సూత్రంలో వర్గ పదాల వాటా రావాలంటే u² గాని w² గాని ఉండాలి. ఇక్కడ ఉన్నది uw ఒక్కటే కనుక ఆ వాటా సున్నా. ఘన పదాల్లో u²w నుంచి ఏమీ రాదు, u³ నుంచి మాత్రం −6/16 వస్తుంది. అంటే గుణకం −3/8. గుర్తు రుణం కనుక కక్ష్య స్థిరమైనది, మొదటి రకానిది. కక్ష్య వ్యాసార్ధం r ఎలా మారుతుందో కూడా దీనితోనే తెలుస్తుంది.

```
r' = (μ/2) r - (3/8) r³
```

కుడివైపును సున్నా చేస్తే r² = 4μ/3 అవుతుంది. b = 2.01 దగ్గర వ్యాసార్ధం సుమారు 0.115, μను నాలుగు రెట్లు చేసి 2.04కు వెళితే అది రెట్టింపై 0.231 అవుతుంది. ఒక కాగితంలో సగం కూడా నిండని లెక్క రకాన్ని, పరిమాణాన్ని, వేగాన్ని మూడింటినీ ఇచ్చింది.

ఆ వేగమే సిమ్యులేషన్‌ను ఇబ్బంది పెడుతుంది. b = 2.01 దగ్గర చిన్న విచలనం e రెట్లు (సుమారు 2.7 రెట్లు) పెరగడానికి 200 కాల ప్రమాణాలు, అంటే 32 ఆవృత్తులు పడుతుంది. సరిగ్గా b = 2 దగ్గరైతే రేఖీయ భాగం ఏ సాయమూ చేయదు, క్షీణత అంతా ఘన పదం వల్లనే జరగాలి. 0.1 వ్యాసార్ధం సగానికి తగ్గడానికి 400 కాల ప్రమాణాలు, 0.01కి తగ్గడానికి 13,200 కాల ప్రమాణాలు పడుతుంది. వంద ఆవృత్తులు నడిపి ఆపేసినవారికి అక్కడ ఒక కక్ష్య ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి లేదు.

సమీకరణాలను సాధించే పద్ధతి కూడా హద్దును జరపగలదు. చాలామంది మొదట రాసే ఆయిలర్ పద్ధతిలో కాలపు అడుగు h అయితే, ఒక్కో అడుగులో విచలనం వర్గం 1 + hμ + h² రెట్లవుతుంది. నిర్ధారకం 1గా ఉండటం వల్ల ఇది ఇంత శుభ్రంగా వస్తుంది. దీని ప్రకారం కంప్యూటర్‌లో స్థిరత్వం పోయేది μ = 0 దగ్గర కాదు, μ = −h దగ్గర. h = 0.1 పెట్టుకుంటే హద్దు 1.9కి, h = 0.01 పెట్టుకుంటే 1.99కి జరుగుతుంది. రెండో సందర్భంలో సరిగ్గా b = 2 దగ్గర సుమారు 0.115 వ్యాసార్ధం ఉన్న కక్ష్య, ఎంతసేపు నడిపినా తగ్గకుండా నిలబడుతుంది. అది సమీకరణాలది కాదు, పద్ధతిది. నాలుగో తరగతి రుంగె–కుట్టా పద్ధతిలో అదే అడుగుతో ఈ దోషం లెక్కలోకి రానంత చిన్నది. ఏ పద్ధతి వాడినా అడుగును సగం చేసి మళ్ళీ నడపాలి. హద్దు కదిలితే ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

ఇంతకంటే లోతైన చిక్కు పరామితిని నెమ్మదిగా పెంచుతూ పోవడంలో ఉంది. bని 1.9 నుంచి మొదలుపెట్టి, కాల ప్రమాణానికి 0.0001 చొప్పున పెంచుతున్నామనుకోండి. హద్దు చేరేలోగా తొలి విచలనం e^25 రెట్లు, అంటే దాదాపు 7,200 కోట్ల రెట్లు తగ్గిపోతుంది. హద్దు దాటగానే అది పెరగడం మొదలవుతుంది గాని, పోగొట్టుకున్నదంతా తిరిగి సంపాదించేసరికి b సుమారు 2.1 అవుతుంది. అక్కడ స్థిర కక్ష్య వ్యాసార్ధం 0.365 కనుక, తెర మీద డోలనం శూన్యం నుంచి ఒక్కసారిగా ఎగసినట్టు కనిపిస్తుంది. అదే వేగంతో కిందికి వస్తే 2.0 దాకా నెమ్మదిగా తగ్గుతుంది. పైకి 2.1, కిందికి 2.0: చూసినవారు దీన్ని హిస్టెరిసిస్ అనుకుని, ఇది రెండో రకమని రాసేస్తారు. గుణకం −3/8 అని ముందే తెలిసినవారు ఆ పొరపాటు చేయరు. నేను చేతిలెక్కను ముందు పెట్టడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ భ్రమను సిమ్యులేషన్‌తోనే వదిలించుకోవచ్చు. bని 2.05 దగ్గర ఆపి వేచి ఉండాలి. మొదటి రకమైతే సమతాస్థితి దగ్గరి పథం ఆలస్యంగానైనా బయటికి వెళ్ళి, 0.26 దగ్గరి కక్ష్యలో స్థిరపడుతుంది. నిజమైన హిస్టెరిసిస్ అయితే, నిశ్చలస్థితి, పెద్ద డోలనం రెండూ హద్దుకు కిందివైపున పక్కపక్కనే స్థిరంగా ఉంటాయి. రెండింటికీ తేడా హద్దుకు ఏ వైపున జంట స్థితులు కనిపిస్తున్నాయన్నదే.

ఇన్ని చెప్పినా చేతిలెక్క చూపు దగ్గరి వరకే అని ఒప్పుకోవాలి. రెండో రకానికి సరళమైన నమూనా r' = μr + r³ − r⁵. ఇందులో హద్దు దగ్గరి గుణకం +1; ధన గుర్తు ప్రమాదం ఉందని చెబుతుంది, ఎంత ప్రమాదమో చెప్పదు. హద్దు దాటాక పథం దూకేది వ్యాసార్ధం 1 దగ్గరికి, డోలనం ఆగాలంటే μ వెనక్కి వెళ్ళవలసింది −0.25 దాకా. ఈ రెండు సంఖ్యలూ −r⁵ పదం వల్ల వచ్చినవి, గుణకంలో వాటి ఆనవాలు కూడా లేదు. ఇక్కడ సిమ్యులేషన్‌దే పైచేయి. పెద్ద కక్ష్య మీద మొదలుపెట్టి μను మెట్లు మెట్లుగా తగ్గిస్తే −0.25 దానంతటదే బయటపడుతుంది.

అయితే ఈ నమూనాలో అన్నిటికంటే ముఖ్యమైన సంఖ్యను ముందుకు నడిపే సిమ్యులేషన్ నేరుగా చూపలేదు. μ = −0.04 దగ్గర అస్థిర కక్ష్య వ్యాసార్ధం 0.204. నిశ్చలంగా ఉన్న వ్యవస్థకు తగిలే కుదుపు అంతకు తక్కువైతే అణగిపోతుంది, ఎక్కువైతే 0.979 దగ్గరి పెద్ద డోలనంలోకి వెళుతుంది. పథాలు ఆ కక్ష్య నుంచి రెండు వైపులా దూరం జరుగుతాయి కనుక ఎన్నిసార్లు నడిపినా దాని మీద నిలవవు. రెండు చలరాశులే ఉంటే కాలాన్ని వెనక్కి నడపడం మంచి ఉపాయం, అప్పుడు అస్థిర కక్ష్య పథాలను తనవైపు లాక్కుంటుంది. మూడు లేదా అంతకంటే ఎక్కువ చలరాశులుంటే, ముందుకు నడిపినప్పుడు అణగిపోయే దిశలు వెనక్కి నడిపినప్పుడు పేలిపోతాయి కనుక ఈ ఉపాయం సాధారణంగా పనికిరాదు. అక్కడ ఆటో, మ్యాట్‌కాంట్ వంటి సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించాలి. అవి కక్ష్యను కాలంలో నడిపి చూడవు. ఒక ఆవృత్తి తరువాత మొదలుపెట్టిన చోటికే తిరిగి రావాలన్న షరతుతో సమీకరణంగా సాధిస్తాయి, కాబట్టి కక్ష్య స్థిరమైనదా కాదా అన్నది వాటికి అడ్డం కాదు.

సమీకరణాలే తెలియని ప్రయోగశాలలో చేతిలెక్కకు చోటు లేదు, కొలతలే దిక్కు. అక్కడ డోలన పరిమాణాన్ని కాక, దాని వర్గాన్ని పరామితికి ఎదురుగా గీయడం మేలు. మొదటి రకమైతే హద్దుకు దగ్గరి బిందువులు ఒక సరళరేఖ మీద పడతాయి, బ్రస్సెలేటర్‌లోనైతే 2.01, 2.04, 2.09 దగ్గర 0.013, 0.053, 0.120 వచ్చి, ఆ రేఖ అక్షాన్ని హద్దు దగ్గరే తాకుతుంది. వర్గమూలపు వంపులో కంటికి ఆనని హద్దు, సరళరేఖలో ఖచ్చితంగా తెలుస్తుంది. రెండో రకం నమూనాలో మాత్రం పరామితిని తగ్గిస్తూ వచ్చినకొద్దీ బిందువులు కిందికి దిగి, 0.5 దగ్గర తెగిపోతాయి. అంతకంటే కింద నిలకడగా కొలవగల డోలనం ఏదీ ఉండదు.