గద్య కవితా, కవితాత్మక వచనమా: మీ పేరా ఏది?

"ఇది గద్య కవితేనా, లేక కాస్త అందంగా రాసిన పేరానా?" రాసింది చూపించి చాలామంది నన్ను అడిగేది ఇదే. మనం వచన కవిత అనేది పాదాలుగా విరిచి రాసేది. గద్య కవితలో పాదాలుండవు, పేజీ అంచు దాకా వాక్యాలే. అందుకే మామూలు పేరా పక్కన పెడితే చూపుకి రెండూ ఒకటే.

భాష అందంలో తేడా వెతకొద్దు, ఉపమానాలు రెండింట్లోనూ ఉంటాయి. నా లెక్కలో తేల్చేది ఒక్కటే: ఒక వాక్యం తర్వాత ఇంకో వాక్యం ఎందుకొచ్చింది? ఈమధ్య తిరగలి మీద రాస్తూ ఇలా మొదలుపెట్టాను:

"వేసవి మధ్యాహ్నాలు అమ్మమ్మ తిరగలి ముందు కూచునేది. కందులు గుప్పెడు గుప్పెడు పోస్తుంటే పప్పు బంగారంలా చుట్టూ రాలేది. ఆ గరగర వింటూ నేను చాప మీద నిద్రపోయేదాన్ని."

బాగానే ఉంది. కానీ ఇక్కడ వాక్యాలను నడిపేది జరిగిన సంగతి. దీనికి ముందు ఊరి గురించి, తర్వాత అమ్మమ్మ ముసలితనం గురించి నాలుగు మాటలు చేర్చాలనిపిస్తోంది. అలా అనిపించిందంటే అది కవితాత్మక వచనం. రెండోసారి ఇలా రాశాను:

"అమ్మమ్మ గుప్పెడు కందులు పోస్తుంది, తిరగలి తిరుగుతుంది. గుప్పెడు మధ్యాహ్నం పోస్తుంది, తిరగలి తిరుగుతుంది. పోయిన తన చెల్లెలి పేరు పోస్తుంది, తిరగలి తిరుగుతుంది. నా నిద్ర కూడా. సాయంత్రం చేటలో చెరిగితే, పప్పూ పొట్టూ."

ఇందులో కథ కదలదు, తిరగలే కదులుతుంది. మొదటి వాక్యం ఒక పద్ధతి పెట్టింది, తర్వాతివి దాన్ని పాటించాయి, "నా నిద్ర కూడా" దాన్ని తెంచింది. బంగారంలాంటి పోలిక దానంతటదే రాలిపోయింది.

1869లో పుస్తకంగా వచ్చిన తన గద్య కవితలకు రాసుకున్న ముందుమాటలో ఫ్రెంచ్ కవి బోదిలేర్ కోరుకున్నది లయా ప్రాసా లేని సంగీతం. తెలుగులో దానికి అడ్డుపడేది క్రియ. వాక్యం చివర కూచుని ప్రతిసారీ "ంది" అంటుంది. పాదం విరిస్తే అది కొంత మరుగున పడుతుంది, ఇక్కడ ఆ వీలు లేదు. కాబట్టి దాన్ని కావాలనే పల్లవిలా తిప్పాలి, లేదా క్రియను కోసేయాలి. నేను రెండూ చేశాను. ఈ రెండోదానికి ముందు రాసిన చిత్తుప్రతి మాత్రం వార్తలు చదివినట్టే ఉంది. పైగా చివర్లో "అమ్మమ్మ బతుకే ఒక తిరగలి" అని రాసుకున్నాను. చదివి సిగ్గేసి కొట్టేశాను.

పాదాలుగా కూడా విరిచి చూశాను. ప్రతి "తిరుగుతుంది" దగ్గరా విరగడం తప్ప కొత్తగా ఏమీ రాలేదు. మినీ కథ అందామంటే సంఘటన లేదు.

నేను ఉంచుకున్నది రెండోదే. ఆ చెల్లెలు ఎలా పోయిందో చెప్పాలంటే మాత్రం మళ్లీ మొదటి పేరాకే వెళ్లాలి. రెండోదాంట్లో ఆ కబురుకి చోటు లేదు.